పట్టు బిగిస్తే మోచేతికి నొప్పెందుకు?

కుడి ముంజేతి మీద, మోచేతికి కాస్త దిగువన బయటి వైపు, ఎడమ చేతి వేళ్లు ఆనించి పిడికిలి బిగించి చూడండి. వేళ్ల కింద ఒక కండ గట్టిపడుతుంది. పిడికిలి బిగిసినప్పుడు మణికట్టు లోపలికి వంగిపోకుండా నిలబెట్టేది ఆ కండే. దాన్ని ఎముకకు అంటిపెట్టే టెండన్ మోచేతి బయటి వైపున్న చిన్న ఎముక బొడిపె దగ్గర అతుక్కుని ఉంటుంది. టెన్నిస్ ఎల్బో నొప్పి పుట్టేది అక్కడే. రాకెట్ పట్టుకున్నా, బార్‌బెల్ పట్టుకున్నా, బిగించిన ప్రతిసారీ ఆ భారం వెళ్లి పడేది ఆ చిన్న చోటి మీదే.

వారానికి రెండు సాయంత్రాలు షటిల్ ఆడే నలభై ఏళ్ల మనిషిని ఊహించుకోండి. ఆఫీసు టోర్నమెంట్ దగ్గరపడిందని వారానికి ఐదు రోజులు ఆడటం మొదలుపెట్టాడు. రాకెట్ స్ట్రింగ్ టెన్షన్ 24 పౌండ్ల నుంచి 27కి పెంచుకున్నాడు. అదే నెలలో జిమ్‌లో చేరి పుల్-అప్స్, డెడ్‌లిఫ్ట్ పట్టాడు. రెండు మూడు వారాలు హాయిగా గడిచాయి. తర్వాత ఒకరోజు పొద్దున పాలగిన్నె ఎత్తబోతే మోచేయి చురుక్కుమంది. ముందురోజు కొట్టిన స్మాష్ వల్లే అనుకుంటాడు. అసలు కారణం ఆ ఒక్క దెబ్బ కాదు, ఒకే నెలలో మూడు వైపుల నుంచి పెరిగిన భారం. కండ కొన్ని వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు నెలలు కావాలి. ఆ తేడాలోనే చిక్కంతా ఉంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. బొడిపె దగ్గర నొక్కితే నొప్పి. చేయి చాచి, అరచేయి కిందికి ఉంచి కుర్చీని వీపు పైభాగం పట్టుకుని ఎత్తితే నొప్పి. అరచేయి పైకి తిప్పి ఏదైనా ఎత్తితే మాత్రం అంత ఉండదు. వేళ్లలో తిమ్మిరి, మెడ నుంచి పాకే నొప్పి, మోచేయి మధ్యలో పట్టేసినట్టు ఆగిపోవడం, కింద పడ్డాక వాపు ఉంటే అది వేరే సమస్య కావచ్చు. డాక్టర్‌కు చూపించాల్సిందే.

చాలామంది చేసేది పూర్తి విశ్రాంతి. నొప్పి తగ్గుతుంది, ఆట మొదలెట్టగానే తిరిగొస్తుంది, ఎందుకంటే టెండన్ బలం పెరగలేదు, ఇంకా తగ్గింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు బాగా ఉపశమనం ఇస్తుంది కానీ, ఏడాది తర్వాత చూస్తే అది వేయించుకున్నవాళ్ల పరిస్థితే అధ్వాన్నంగా ఉన్నట్టు పరిశోధనలు తేల్చాయి. తొందరపడి దానికి ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

ముందు సరిచేయాల్సింది పట్టు. మనలో చాలామంది ర్యాలీ మొదలైనప్పటి నుంచి చివరిదాకా రాకెట్‌ను గట్టిగా పిసికి పట్టుకుంటాం. షాట్‌కు షాట్‌కు మధ్య పిట్టను పట్టుకున్నంత వదులుగా ఉంచి, షటిల్ తగిలే క్షణంలో మాత్రమే వేళ్లు బిగించాలి. అరిగి జారే గ్రిప్ ఉంటే తెలియకుండానే బిగిస్తాం, కాబట్టి చెమటకు తడిసిపోయేదాన్ని మార్చేయాలి. టెన్షన్ పాత స్థాయికి దించాలి. జిమ్‌లో అరచేతులు కిందికి ఉండే కర్ల్స్, పుల్-అప్స్ కొన్నాళ్లు పక్కనపెట్టి, రెండు అరచేతులు ఎదురెదురుగా ఉండే హ్యాండిల్ వాడాలి. డెడ్‌లిఫ్ట్ మానలేకపోతే స్ట్రాప్స్ కట్టుకుంటే పట్టు మీద భారం తగ్గుతుంది.

తర్వాత బలం. ముంజేయి టేబుల్ మీద ఆనించి, అరచేయి కిందికి, మణికట్టు అంచు దాటి ఉండేలా కూర్చోవాలి. లీటరు నీళ్ల సీసా దాదాపు కిలో బరువు, అది చాలు. మణికట్టును తిన్నగా నిలిపి 30 నుంచి 45 సెకన్లు కదలకుండా పట్టుకోవాలి, మధ్యలో ఆగుతూ నాలుగైదు సార్లు. నొప్పి ఎక్కువైతే అర లీటరు సీసాతో మొదలెట్టాలి. ఒకటి రెండు వారాలకు అది తేలికైతే కదలిక కలపాలి. మూడు సెకన్లలో పైకి, నాలుగు సెకన్లలో కిందికి, పదిహేనేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. తేలికయ్యేకొద్దీ అరకిలో చొప్పున పెంచాలి. ఆ తర్వాత మోచేయి చాచి చేయాలి, ఎందుకంటే బ్యాక్‌హ్యాండ్‌లో టెండన్ మీద భారం పడేది దాదాపు అలా చాచినప్పుడే.

కొంచెం నొప్పి వస్తే భయపడక్కర్లేదు. పదికి మూడు లోపు ఉండి, మర్నాటి పొద్దునకు మామూలైపోతే బరువు సరిపోయినట్టే. మర్నాడు మగ్గు ఎత్తడానికీ ఇబ్బందైతే నిన్నటిది ఎక్కువైంది, ఒక మెట్టు దిగాలి. ఈ పద్ధతికి కనీసం మూడు నెలలు ఇవ్వాలి. కొందరికి ఏడాది దాకా పడుతుంది.

ఆటను ఈ మూడు నెలలూ పూర్తిగా ఆపనక్కర్లేదు. మొదట వారానికి రెండుసార్లు, అరగంటసేపు, నెట్ దగ్గర నెమ్మది షాట్లు. నొప్పి నిలకడగా ఉంటే క్లియర్లు, అవి కుదిరాక స్మాష్‌లు, చివరికి బ్యాక్‌హ్యాండ్. ఒకే వారంలో ఆట సమయమూ, జిమ్ బరువూ రెండూ పెంచకూడదు. నొప్పి పూర్తిగా పోయాక కూడా వారానికి రెండుసార్లు మణికట్టు వ్యాయామం కొనసాగించడం మంచిది.