99.8 శాతం సరిగ్గా చెప్పినా పనికిరాని మోడల్

మెషీన్ లెర్నింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కార్డు మోసాలను గుర్తించే మోడల్‌కు 99.8 శాతం అక్యురసీ వచ్చింది, దాన్ని వాడుకలో పెట్టవచ్చా? అక్యురసీ అంటే మోడల్ చెప్పిన మొత్తం జవాబుల్లో సరైనవి ఎంత శాతమో చెప్పే లెక్క. ఆ అంకె చూడగానే పెట్టవచ్చు అన్న అభ్యర్థి ప్రశ్నలోని మెలికను గమనించనట్టే. మొత్తం లావాదేవీల్లో మోసాలు ఎన్ని ఉన్నాయో ముందు అడగాలి.

ఎందుకు అడగాలో తెలియాలంటే ఈ రంగంలో అందరూ వాడే ఒక డేటాను చూడాలి. యూరప్ కార్డుదారులు 2013 సెప్టెంబరులో రెండు రోజుల్లో జరిపిన 2,84,807 లావాదేవీలు అందులో ఉన్నాయి. బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక పరిశోధక బృందం పాలుపంచుకున్న పని ఇది. కార్డుదారుల వివరాలు బయటపడకుండా మార్చి దాన్ని అందరికీ అందుబాటులో ఉంచారు. వీటిలో మోసాలు 492 మాత్రమే. అంటే వెయ్యిలో రెండు కూడా లేవు. ఇలా ఒక రకం విపరీతంగా ఎక్కువ, మరో రకం అతి తక్కువ ఉన్న డేటానే ఇంబ్యాలెన్స్‌డ్ డేటా అంటారు.

ఇప్పుడు ఏమీ నేర్చుకోకుండా, ప్రతి లావాదేవీనీ మంచిదే అనే మోడల్‌ను తీసుకుంటే 492 చోట్ల తప్ప అంతటా అది చెప్పింది నిజమే అవుతుంది. దాని అక్యురసీ 99.83 శాతం. పట్టుకున్న మోసాలు మాత్రం సున్నా. ఇంటర్వ్యూ ప్రశ్నలోని 99.8 ఇక్కడి నుంచే వస్తుంది.

అందుకే లెక్కను రెండుగా విడదీయాలి. మోడల్ మోసం అని వేలు చూపినవాటిలో నిజంగా మోసాలైనవి ఎంత శాతమో ప్రెసిషన్ చెబుతుంది. అసలు జరిగిన మోసాల్లో మోడల్‌కు చిక్కినవి ఎంత శాతమో రీకాల్ చెబుతుంది. లెక్క రెండింటిలోనూ పట్టుబడిన మోసాల నుంచే మొదలవుతుంది. ఒకదాంట్లో దాన్ని మోడల్ అనుమానించిన వాటితో, రెండోదాంట్లో వాస్తవంగా జరిగిన మోసాలతో భాగిస్తారు. ఇంటర్వ్యూలో తడబాటు వచ్చేది ఈ భాగించే సంఖ్య దగ్గరే.

పై డేటా మీద ఒక మోడల్ 600 లావాదేవీలను అనుమానించిందనీ, వాటిలో 400 నిజంగా మోసాలేననీ అనుకోవచ్చు. అప్పుడు ప్రెసిషన్ 67 శాతం, రీకాల్ 81 శాతం. అనవసరంగా అనుమానించినవి 200, చేజారిన మోసాలు 92. అక్యురసీ 99.90 శాతం. ఏమీ చేయని మోడల్‌కూ దీనికీ అక్యురసీలో తేడా ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. పనిలో తేడా మాత్రం 400 మోసాలు.

చాలా మోడళ్లు నేరుగా అవునో కాదో చెప్పవు, ప్రతి లావాదేవీకీ ఒక స్కోరు ఇస్తాయి. ఎంత స్కోరు దాటితే అనుమానించాలో మనుషులే గీత గీస్తారు. ఆ గీతే థ్రెషోల్డ్. పై మోడల్‌కే గీతను బాగా కిందికి దించితే అది 3,000 లావాదేవీలను అనుమానించి 440 మోసాలను పట్టిందనుకోవచ్చు. రీకాల్ 89 శాతానికి పెరిగింది, ప్రెసిషన్ 15 శాతానికి పడిపోయింది. అక్యురసీ 99.08 శాతానికి దిగింది. 440 మోసాలను పట్టిన మోడల్ అక్యురసీలో ఒక్కటీ పట్టని మోడల్ కంటే వెనకబడింది! ఇలాంటి డేటాకు అక్యురసీని కొలతగా పెట్టకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అనుభవమున్నవారు కూడా మోసపోయే చోటు ఇంకొకటి ఉంది. ఆర్‌ఓసీ అనే కర్వ్ ఒక వైపు రీకాల్‌ను, మరో వైపు మంచి లావాదేవీల్లో ఎన్నింటిని అనవసరంగా అనుమానించారో ఆ శాతాన్ని చూపిస్తుంది. థ్రెషోల్డ్ దించిన మోడల్ అనవసరంగా అనుమానించినవి 2,560. మంచి లావాదేవీలు 2,84,315 ఉన్నాయి కాబట్టి ఇది ఒక శాతం కూడా కాదు. కర్వ్ చూస్తే మోడల్ అద్భుతంగా కనిపిస్తుంది. కానీ ఫోన్ చేసి విచారించే ఉద్యోగికి ప్రతి వందలో 85 కాల్స్ వృథా. మంచివి లక్షల్లో ఉన్నప్పుడు చిన్న శాతం కూడా పెద్ద సంఖ్య అవుతుంది, ఆ సంఖ్యను ఆర్‌ఓసీ బయటపెట్టదు. ప్రెసిషన్‌నూ రీకాల్‌నూ ఎదురెదురుగా పెట్టి గీసే పీఆర్ కర్వ్ బయటపెడుతుంది. ఈ డేటాను విడుదల చేసినవారు కూడా పీఆర్ కర్వ్ కింది వైశాల్యంతోనే కొలవమని సూచించారు.

ఇదే కారణంతో పరీక్షకు వాడే డేటాను సరిసమానం చేయకూడదు. శిక్షణలో మోసాల పాలు పెంచడం మామూలే, అందులో తప్పు లేదు. పరీక్షలో మాత్రం 492 మోసాల పక్కన 492 మంచి లావాదేవీలనే పెడితే, అదే మోడల్ అదే థ్రెషోల్డ్‌తో అనవసరంగా అనుమానించేవి నాలుగైదుకు తగ్గిపోతాయి. ప్రెసిషన్ 15 నుంచి 99 శాతానికి ఎగబాకుతుంది. మోడల్ ఏమీ మెరుగుపడలేదు, చుట్టూ ఉన్న మంచి లావాదేవీల సంఖ్య మారింది, అంతే. రీకాల్‌కు ఈ బాధ లేదు, అది మోసాల మధ్యే లెక్క కాబట్టి కదలదు. ఎవరైనా 99 శాతం ప్రెసిషన్ వచ్చిందంటే, పరీక్ష డేటాలో మోసాల పాలు ఎంతో అడిగితే గుట్టు తెలుస్తుంది.

ఇక రెండు థ్రెషోల్డ్‌లలో ఏది మేలు? చాలామంది ఎఫ్-1 స్కోరు పేరు చెబుతారు. ప్రెసిషన్, రీకాల్ రెండింటినీ కలిపి ఒకే అంకెగా ఇచ్చే కొలత అది. మొదటి థ్రెషోల్డ్‌కు 0.73, రెండోదానికి 0.25 వస్తుంది. దాన్ని బట్టి మొదటిదే గెలిచింది. కానీ ఎఫ్-1 రెండింటికీ సమానమైన విలువ కడుతుంది. చేజారిన మోసానికీ వృథా ఫోన్ కాల్‌కూ నష్టం ఒకేలా ఉండదు.

నష్టాన్ని రూపాయల్లో వేసి చూస్తే తీర్పు మారవచ్చు. ఒక మోసం చేజారితే సగటున 10,000 రూపాయలు పోతాయనీ, ఒక అనుమానాన్ని విచారించడానికి 50 రూపాయలు ఖర్చవుతుందనీ అనుకుంటే, మొదటి థ్రెషోల్డ్‌తో మొత్తం భారం 9.5 లక్షలు, రెండోదానితో 6.7 లక్షలు. ఎఫ్-1 ఓడించిన థ్రెషోల్డే లాభం. అదే విచారణకు, విసిగిన కస్టమర్ కార్డు మానేసే నష్టంతో కలిపి, 300 రూపాయలు పడితే లెక్క 11 లక్షలు, 14.2 లక్షలుగా తిరగబడుతుంది. రెండో థ్రెషోల్డ్ అదనంగా 2,400 విచారణలు చేయించి 40 మోసాలను, అంటే 4 లక్షల రూపాయలను కాపాడుతోంది. కాబట్టి ఒక్క విచారణ ఖర్చు సుమారు 167 రూపాయలకు లోపల ఉన్నంతవరకే అది గిట్టుబాటు. అభ్యర్థి నోటి వెంట ఈ లెక్క వచ్చిందంటే, కొలతల నిర్వచనాలు వల్లించడం దాటి వాటిని వాడటం తెలిసినట్టే.

ఖర్చు కచ్చితంగా తెలియని చోట విచారించే సిబ్బంది సంఖ్యే గీతను నిర్ణయిస్తుంది. రెండు రోజుల్లో 500కు మించి చూడలేని బృందానికి 3,000 అనుమానాలు పంపి లాభం లేదు. అప్పుడు స్కోరు ప్రకారం పైనున్న 500 లావాదేవీలనే తీసుకుని, వాటిలో మోసాలు ఎన్నో లెక్కపెడతారు. ఈ డేటాలో ఆ 500 నూటికి నూరుపాళ్లూ సరైనవైతే 492 మోసాలూ వాటిలోనే ఇమిడిపోతాయి. యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఒక్కటి దొరకడం కూడా అనుమానమే. మోడల్ తెచ్చే సంఖ్యను ఈ రెండింటి మధ్య పెట్టి చూడాలి.