తలల లెక్క, చూపుల లెక్క

ఫేస్‌బుక్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో, లింక్డ్‌ఇన్‌లోనో పెట్టిన పోస్టు ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ప్రధానంగా రెండు అంకెలున్నాయి. ఆ పోస్టు కనీసం ఒక్కసారైనా ఎన్ని ఖాతాల తెరమీదకు వచ్చిందో చెప్పేది రీచ్. ఎవరి తెర అన్నది పట్టించుకోకుండా, మొత్తం ఎన్నిసార్లు తెరమీదకు వచ్చిందో చెప్పేది ఇంప్రెషన్లు. ఒక అభిమాని అదే సినిమాను మూడుసార్లు చూస్తే తెగిన టికెట్లు మూడు, చూసిన మనిషి ఒక్కడే. టికెట్ల లెక్క లాంటిది ఇంప్రెషన్లు, మనుషుల లెక్క లాంటిది రీచ్.

ఒకే పోస్టు ఒకే ఖాతాకు మళ్లీ మళ్లీ ఎదురుపడటం మామూలే. పొద్దున ఫీడ్‌లో కనిపించిన ఫొటో కింద సాయంత్రం ఒక స్నేహితుడు కామెంట్ పెడితే అది మళ్లీ పైకి రావచ్చు. వేరొకరు షేర్ చేస్తే ఆ దారిన ఇంకోసారి వస్తుంది. ఆ పేజీలోకి వెళ్లి పాత పోస్టులు తిరగేస్తుంటే మరోసారి కనబడుతుంది. ఇలా వచ్చిన ప్రతిసారీ ఇంప్రెషన్లలో ఒకటి పెరుగుతుంది. రీచ్ మాత్రం మొదటిసారి పెరిగి అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఒకే పోస్టుకు, ఒకే కాలానికి, ఒకే పద్ధతిలో లెక్కపెట్టినప్పుడు రీచ్ ఎన్నడూ ఇంప్రెషన్లను మించదు. మించినట్టు కనిపిస్తే ఆ రెండు అంకెలూ వేర్వేరు రోజులవో, వేర్వేరు చోట్ల తీసినవో అయి ఉంటాయి.

ఇంతవరకు నిర్వచనమే. అసలు తేడా లెక్కపెట్టే పనిలో ఉంది. థియేటర్ గేటు దగ్గర టికెట్లు చింపేవాడికి ఎవరి మొహమూ గుర్తుండక్కర్లేదు. చింపిన ముక్కలు లెక్కపెడితే చాలు. నాలుగు గేట్లుంటే నాలుగు చోట్ల లెక్కలూ కూడితే మొత్తం తేలిపోతుంది. కానీ ఈ వారంలో సినిమా చూసిన వేర్వేరు మనుషులు ఎందరని అడిగితే, వచ్చిన ప్రతి మొహమూ గుర్తుండాలి. ఇతను నిన్న వచ్చాడా, పక్క గేటు నుంచి వచ్చాడా అన్నది చూసుకోవాలి. ఇంప్రెషన్లకు జ్ఞాపకంతో పనిలేదు, రీచ్‌కు జ్ఞాపకమే ఆధారం. ఈ రెండు అంకెల మధ్య వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

మొదటి చిక్కు కూడికలో వస్తుంది. మంగళగిరిలో ఒక చేనేత చీరల దుకాణం తన పేజీలో కొత్త చీర ఫొటో ఒకటి పెట్టిందనుకుందాం. అంకెలు ఉదాహరణకు అనుకున్నవే. సోమవారం రీచ్ 600, ఇంప్రెషన్లు 750. మంగళవారం రీచ్ 400, ఇంప్రెషన్లు 480. బుధవారం రీచ్ 200, ఇంప్రెషన్లు 270. మూడు రోజుల ఇంప్రెషన్లు కూడితే 1,500. ఇది సరైన లెక్కే. రీచ్ కూడితే 1,200 వస్తుంది, కానీ ఆ చీరను 1,200 ఖాతాలు చూశాయనడం తప్పు. మంగళవారం చూసిన 400లో 150 ఖాతాలు సోమవారమే చూసేశాయి, కొత్తవి 250. బుధవారం 200లో 150 అంతకుముందు చూసినవే, కొత్తవి 50. అంటే మూడు రోజుల అసలు రీచ్ 600, 250, 50 కలిపి 900. రోజువారీ అంకెలు ఒక్కోటి నిజమే, వాటి కూడిక మాత్రం అబద్ధం. ఎందుకంటే రోజు లెక్క మారగానే జ్ఞాపకం చెరిపి మళ్లీ మొదలుపెడతారు. నిన్న చూసిన ఖాతా ఇవాళ్టి లెక్కలో కొత్తదే.

ఈ పొరపాటు దుకాణదారులే కాదు, సాక్షాత్తు ఫేస్‌బుక్కే చేసింది. పేజీ యజమానులకు చూపించే సారాంశంలో 7 రోజుల, 28 రోజుల ఆర్గానిక్ రీచ్‌ను, అంటే డబ్బు కట్టకుండా వచ్చే రీచ్‌ను, రోజువారీ రీచ్‌ల కూడికగా చూపిస్తున్నామని, మళ్లీ వచ్చినవాళ్లను తీసేయడం లేదని 2016 నవంబరులో ఆ సంస్థ ప్రకటించింది. సరిచేశాక 7 రోజుల అంకె సగటున 33 శాతం, 28 రోజుల అంకె సగటున 55 శాతం తగ్గుతాయని కూడా చెప్పింది. ఈ రెండు శాతాల్లో ఒక వరస ఉంది. కాలం పొడిగే కొద్దీ తిరిగి వచ్చేవాళ్లు ఎక్కువవుతారు కాబట్టి కూడికకూ నిజానికీ మధ్య దూరం పెరుగుతూ పోతుంది. నెల రీచ్ కోసం ముప్పై రోజుల అంకెలను స్ప్రెడ్‌షీట్‌లో కూడే అలవాటు ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. అలా తయారైన నివేదిక చూపే జనంలో సగానికి సగం లేనివాళ్లు కావచ్చు.

ఇలాంటి తప్పును పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఒక కాలం మొత్తానికి రీచ్ ఎంతన్నది రెండు హద్దుల మధ్య ఉండాలి. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన రోజు అంకె కంటే తక్కువ ఉండకూడదు, అన్ని రోజుల కూడిక కంటే ఎక్కువ ఉండకూడదు. చీర ఫొటో విషయంలో ఆ హద్దులు 600, 1,200. అసలు అంకె 900 వాటి మధ్యే ఉంది. నెల రీచ్ అంటూ ఎవరైనా ఇచ్చిన అంకె రోజువారీ కూడికతో అచ్చంగా సరిపోతే, ఒక్క ఖాతా కూడా రెండో రోజు తిరిగి చూడలేదని అర్థం చేసుకోవాలి. ఎప్పటినుంచో అనుసరించేవాళ్లున్న పేజీకి అది జరిగే పని కాదు. కాబట్టి అది కూడికే. సరైన అంకె కావాలంటే వేదికలోనే తేదీలు ఎంచుకుని ఆ కాలం మొత్తానికి అడగాలి.

రెండో చిక్కు కూడా జ్ఞాపకం నుంచే వస్తుంది. రీచ్ అంకె పక్కన అది అంచనా మాత్రమేనన్న గమనిక కొన్నిచోట్ల కనిపిస్తుంది. కంప్యూటర్‌కు అంచనా ఎందుకని సందేహం రావడం సహజం. ఇంప్రెషన్లకు ఒక్క మీటరు చాలు, వచ్చినప్పుడల్లా ఒకటి కలిపితే సరి. వేర్వేరు ఖాతాలను ఖచ్చితంగా లెక్కించాలంటే మాత్రం ప్రతి పోస్టుకూ ఇప్పటిదాకా చూసిన ఖాతాల జాబితా అంతా దాచిపెట్టి, కొత్తగా వచ్చిన ప్రతి ఖాతానూ దానితో సరిచూడాలి. కోట్ల ఖాతాలు, కోట్ల పోస్టుల దగ్గర ఇది మోయలేని బరువు. ఆ బరువు దించుకోవడానికి వాడే పద్ధతుల్లో పేరున్నది హైపర్‌లాగ్‌లాగ్. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఫిలిప్ ఫ్లాజొలే, ఆయన సహచరులు 2007లో దీన్ని ప్రకటించారు. తమ డేటా విశ్లేషణ యంత్రాంగంలో దీన్ని వాడుతున్న తీరును ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2018లో వివరించారు.

దాని కిటుకు బొమ్మాబొరుసు ఆటను పోలి ఉంటుంది. ప్రతి ఖాతా సంఖ్యను ఒక సూత్రం ప్రకారం సున్నాలు, ఒకట్ల వరసగా మారుస్తారు. ఒక ఖాతాకు ఎప్పుడూ ఒకే వరస వస్తుంది, అందుకే అది పదిసార్లు వచ్చినా లెక్క మారదు. వరస మొదట్లోనే పది సున్నాలు రావడం చాలా అరుదు, దాదాపు వెయ్యిలో ఒక్కదానికే అలా వస్తుంది. కాబట్టి పది సున్నాల వరస కనిపించిందంటే సుమారు వెయ్యి ఖాతాలు వచ్చి ఉండాలి. ఒక్క వరసను నమ్మితే లెక్క గాలివాటంగా పోతుంది గనుక ఖాతాలను వందల, వేల గుంపులుగా విడదీసి, అన్నిటి నుంచి సగటు తీస్తారు. జాబితా దాచే పనే లేదు. కిలోబైటున్నర చోటుతో వంద కోట్ల దాకా లెక్కించినా తప్పు సుమారు రెండు శాతం దగ్గర ఉంటుందని ఆ శాస్త్రవేత్తలు చూపించారు. అందుకే అంచనాగా చూపిన రీచ్ 10,120 నుంచి 10,050కి దిగిందని కంగారు పడటం అనవసరం. ఆ తేడా కొలిచే సాధనం లోపలే ఇమిడిపోయి ఉండవచ్చు.

తెరమీదకు రావడం అనే మాట కూడా వినడానికి ఉన్నంత తేలిక కాదు. పోస్టులో ఎంత భాగం, ఎంతసేపు కనిపిస్తే లెక్క అన్నది ఒక్కో వేదిక ఒక్కోలా పెట్టుకుంది. లింక్డ్‌ఇన్‌లో కనీసం సగభాగం 300 మిల్లీసెకన్లు, అంటే సెకనులో మూడో వంతుకు కాస్త తక్కువ, కనిపించాలి. యూట్యూబ్‌లో ఇంప్రెషన్ వీడియోది కాదు, దాని థంబ్‌నెయిల్‌ది. అది సగమైనా ఒక సెకనుకు పైగా కనిపించాలి. ఈ రెండు వేదికల అంకెలు పక్కపక్కన పెట్టి ఏది మెరుగని తేల్చడం, సోలెడు బియ్యాన్ని మూరెడు పూలతో పోల్చినట్టే.

కొలత మారితే పోస్టు మారకుండానే అంకె మారుతుంది. ఒకప్పుడు ఫేస్‌బుక్ పేజీల ఆర్గానిక్ రీచ్‌లో, పోస్టు ఫీడ్‌లోకి చేరితే చాలు, చూసేవాడు అక్కడిదాకా వేలు జరపకపోయినా లెక్కే. 2018 మొదట్లో ఆ పద్ధతి మార్చి, పోస్టు నిజంగా తెరమీదకు వచ్చినప్పుడే లెక్కించడం మొదలుపెట్టారు. పేజీకి ఆదరణ తగ్గకపోయినా ఆ మార్పు రీచ్‌ను తగ్గించగలదు. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2024లో అన్నిరకాల పోస్టులకూ వ్యూస్‌నే ప్రధాన కొలమానంగా చేస్తున్నట్టు ప్రకటించింది. వీడియో ఎన్నిసార్లు ఆడింది, ఫొటో ఎన్నిసార్లు కనబడింది అన్నదే వ్యూస్. అంటే పేరు కొత్తదైనా అది ఇంప్రెషన్ల తరహా లెక్కే, మళ్లీ చూసినా పెరుగుతుంది. లక్ష వ్యూస్ వచ్చాయంటే లక్ష మంది చూశారని రాయడం అందుకే తప్పు. ఎక్స్‌లోనూ 2022 డిసెంబరు నుంచి అందరికీ చూపిస్తున్న వ్యూస్ ఇలాంటివే. పోస్టు రాసినవాడు తన పోస్టును తాను చూసుకున్నా ఒకటి పెరుగుతుంది.

రీచ్‌లో లెక్కకు వచ్చేది కూడా మనిషి కాదు, ఖాతా. వ్యాపారానికొకటి, సొంతానికొకటి రెండు ఖాతాలున్న మనిషి రెండుగా లెక్కకెక్కవచ్చు. ఒకే ఫోనులో చీర ఫొటోను అమ్మ, కూతురు, కోడలు కలిసి చూస్తే ముగ్గురూ కలిపి ఒకటే.

ఇంప్రెషన్లను రీచ్‌తో భాగిస్తే ఒక్కో ఖాతాకు సగటున ఎన్నిసార్లు కనిపించిందో వస్తుంది. ప్రకటనల రంగంలో దీన్ని ఫ్రీక్వెన్సీ అంటారు. చీర ఫొటోకు 1,500ను 900తో భాగిస్తే 1.67. అయితే ఏ ఖాతాకూ అది 1.67 సార్లు కనిపించదు. 600 ఖాతాలకు ఒక్కసారే కనిపించి, మిగతా 300 ఖాతాలకు మూడేసి సార్లు కనిపించినా ఈ సగటే వస్తుంది. ఆ 300లో చీర కొనాలా వద్దా అని మళ్లీ మళ్లీ తెరిచి చూసినవాళ్లూ ఉండవచ్చు, ఫీడ్ పదేపదే ముందుకు తోసినా పట్టించుకోకుండా వేలితో జరిపేసినవాళ్లూ ఉండవచ్చు. వాళ్లను విడదీసి చెప్పే శక్తి ఈ రెండు అంకెలకూ లేదు. అది తెలియాలంటే ఆ పోస్టును దాచుకున్నవాళ్లు, షేర్ చేసినవాళ్లు, ధర అడుగుతూ మెసేజ్ పెట్టినవాళ్లు ఎందరో చూడాలి. ఆ లెక్కలను 900తో పోలిస్తే చూసినవాళ్లలో ఎంతమంది కదిలారన్నది, 1,500తో పోలిస్తే ఎన్ని చూపులకు ఒక స్పందన వచ్చిందన్నది తెలుస్తుంది. 30 మంది ధర అడిగారనుకుంటే మొదటి లెక్కన అది 3.3 శాతం, రెండో లెక్కన 2 శాతం. రెండూ సరైనవే. దేనితో భాగించారో చెప్పకుండా శాతం మాత్రమే రాసిన నివేదికతోనే ఇబ్బంది.