ఆ ఏడు వోల్టులు ఎక్కడికి పోతాయి?

ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు ఫోనుతో వేసి ఆర్పే పెట్టెను సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా కొనేవి రెండు: వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు, నాలుగు రిలేల మాడ్యూల్. మూడోది, 12 వోల్టుల అడాప్టర్, ఇంట్లోనే దొరుకుతుంది. పాత మోడెంతోనో సీసీ కెమెరాతోనో వచ్చి అల్మరాలో పడి ఉంటుంది. అయితే బోర్డుకూ రిలేలకూ కావలసింది 5 వోల్టులే. పన్నెండుని ఐదు చేయడానికి మధ్యలో ఏదో ఒకటి పెట్టాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి 7805 అనే మూడు కాళ్ల లీనియర్ రెగ్యులేటర్. రెండోది రాగి తీగ చుట్టిన కాయిల్ ఉన్న చిన్న బక్ కన్వర్టర్ మాడ్యూల్. మొదటిది చవక. రెండు చిన్న కెపాసిటర్లు తగిలిస్తే పని అయిపోతుంది. అందుకని చాలామంది దాన్నే తెచ్చుకుంటారు.

పెట్టె మొదట బాగానే పనిచేస్తుంది. ఒక లైటు వెలుగుతుంది, ఆరుతుంది. సాయంత్రం నాలుగు స్విచ్చులూ వేసిన కొద్దిసేపటికి రిలేలన్నీ టక్కున పడిపోతాయి, బోర్డు ఆగిపోతుంది. కాసేపటికి దానంతట అదే లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. చేసినవాళ్లు ముందు ప్రోగ్రాంని అనుమానిస్తారు, తర్వాత వైఫైని. ఆ మూడు కాళ్ల రెగ్యులేటర్ మీదికి అనుమానం చాలా ఆలస్యంగా వెళ్తుంది.

అసలు అది చేసే పనేమిటో చూద్దాం. లీనియర్ రెగ్యులేటర్ లోపల ఒక ట్రాన్సిస్టర్ అడాప్టర్‌కూ బోర్డుకూ మధ్య అడ్డంగా ఉంటుంది. బోర్డు ఎంత కరెంటు లాగితే అంతా దాని గుండానే పోతుంది. బోర్డు దగ్గర 5 వోల్టులే ఉండాలి కాబట్టి మిగతా 7 వోల్టులను ఆ ట్రాన్సిస్టర్ తన మీదే ఆపుకుంటుంది. 7 వోల్టులను కరెంటుతో గుణిస్తే వచ్చే వాట్లన్నీ అక్కడే వేడిగా మారతాయి. పాత ఇళ్లలో గోడకుండే పెద్ద పెట్టె ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్తుందా? ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ పెట్టె వెచ్చబడేది. ఇక్కడ జరుగుతున్నదీ అదే.

ఇప్పుడు మన పెట్టె లెక్క వేద్దాం. సాధారణంగా దొరికే నీలిరంగు 5 వోల్టుల రిలేలో కాయిల్ నిరోధం 70 ఓములు. అంటే ఒక్కో రిలే 70 మిల్లీ ఆంపియర్లకు కాస్త ఎక్కువే తీసుకుంటుంది. నాలుగూ వేస్తే 285. వైఫైతో నడుస్తున్న ఈఎస్‌పీ32కి సగటున మరో వంద వేసుకుందాం. మొత్తం ఇంచుమించు 400 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.4 ఆంపియర్. బోర్డుకు చేరేది 5 × 0.4 = 2 వాట్లు. రెగ్యులేటర్ మీద వేడయ్యేది 7 × 0.4 = 2.8 వాట్లు. పనికొచ్చేదానికన్నా వృథా అయ్యేదే ఎక్కువ.

కరెంటు బిల్లు గురించి బెంగ అక్కర్లేదు. 2.8 వాట్లు నెలంతా రాత్రింబవళ్లు వృథా అయినా రెండు యూనిట్లే. చిక్కంతా ఆ వేడి గోరంత చోట పుట్టడంలో ఉంది. హీట్ సింక్ లేకుండా గాలిలో నిలబడ్డ 7805 లోపలి చిప్, ఒక్కో వాట్ వేడికి చుట్టూ ఉన్న గాలికన్నా సుమారు 65 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. 2.8 వాట్లకు 182 డిగ్రీలు. మే నెలలో గది 40 డిగ్రీలుంటే చిప్ 222 డిగ్రీలకు చేరాలి. కానీ అది పనిచేయగల హద్దు 125. అందుకే లోపలే ఒక రక్షణ ఏర్పాటు ఉంటుంది. చిప్ 150 డిగ్రీలు దాటే ప్రాంతానికి వచ్చేసరికి అది తనను తానే ఆపుకుంటుంది. చల్లారాక మళ్లీ మొదలవుతుంది. మన పెట్టె పడి లేవడం ఇదే.

లెక్కను వెనకనుంచి వేస్తే ఇంకా పనికొచ్చే అంకె వస్తుంది. మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో గాలి 50 డిగ్రీలు ఉందనుకోండి. 125 దాకా మిగిలింది 75 డిగ్రీలు. 65తో భాగిస్తే చిప్ భరించగలిగేది 1.15 వాట్లు. దాన్ని 7తో భాగిస్తే సుమారు 165 మిల్లీ ఆంపియర్లు. 7805 వివరాల్లో ఒక ఆంపియరో, ఒకటిన్నరో అని రాసి ఉంటుంది. అది వేడిని బయటికి లాగే ఏర్పాటు ఉన్నప్పటి మాట. 12 వోల్టుల అడాప్టర్‌తో, హీట్ సింక్ లేకుండా, మూసిన డబ్బాలో దాని శక్తి అందులో ఆరో వంతు కూడా కాదు. పైగా అడాప్టర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత బరువు రకమైతే తక్కువ లోడ్ మీద 12 అని రాసినచోట 16 వోల్టులు ఇవ్వడం మామూలే. అప్పుడు ఈ 165 కూడా దక్కదు.

మరి హీట్ సింక్ పెడితే? మన 2.8 వాట్లకు, 50 డిగ్రీల గాలిలో, వాట్‌కు 20 డిగ్రీలకు మించి వేడెక్కని హీట్ సింక్ కావాలి. బజారులో దొరికే చిన్న అల్యూమినియం రెక్కలు ఆ అంచునే ఉంటాయి. ఒక పరిమాణం పెద్దది తీసుకుంటే చిప్ బతుకుతుంది. అయితే హీట్ సింక్ వేడిని తగ్గించదు, చిప్ నుంచి లాగి డబ్బాలోకి వదులుతుంది. డబ్బాలో గాలి ఆడకపోతే 50 కాస్తా 60 అవుతుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆ వేడి పక్కనున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకూ తగులుతుంది. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే మోటు లెక్క.

7805కి ముందు 10 ఓముల లావు రెసిస్టర్ పెట్టే చిట్కా కూడా ఉంది. 0.4 ఆంపియర్ దగ్గర అది 4 వోల్టులు తీసుకుంటుంది, రెగ్యులేటర్ వేడి 1.2 వాట్లకు దిగుతుంది. మొత్తం వేడి మాత్రం అంతే, ఇద్దరికి పంచామంతే. ఇందులో ఒక మోసం కూడా దాగుంది. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో మొత్తం కరెంటు 0.6కి ఎగిరితే రెసిస్టర్ 6 వోల్టులు మింగేస్తుంది. రెగ్యులేటర్‌కు ఆరే మిగులుతాయి. 5 వోల్టులు సరిగ్గా ఇవ్వాలంటే దానికి కనీసం 7 కావాలి. అప్పుడు బోర్డు కంప్యూటర్ తెర మీద ఈ ఫిర్యాదు చేసి రీస్టార్ట్ అవుతుంది:

```
Brownout detector was triggered
```

బక్ కన్వర్టర్ దారి వేరు. ఎల్‌ఎం2596 ఉన్న మాడ్యూల్‌నే తీసుకుందాం. అందులోని ట్రాన్సిస్టర్ వోల్టులను ఆపుకుని కూర్చోదు, స్విచ్‌లా సెకనుకు లక్షా యాభై వేలసార్లు పడి ఆరుతుంది. పడినప్పుడు దాని గుండా కరెంటు ఉంటుంది, కానీ దాని మీద వోల్టేజీ ఒకటి చుట్టుపక్కలే. ఆరినప్పుడు వోల్టేజీ ఉంటుంది, కరెంటు ఉండదు. వేడి అంటే ఆ రెండింటి లబ్ధమే కాబట్టి రెండు స్థితుల్లోనూ అది కొంచెమే. స్విచ్ పడి ఉన్నంతసేపు కాయిల్ తన అయస్కాంత క్షేత్రంలో శక్తిని దాచుకుంటుంది. ఆరగానే ఒక డయోడ్ దారిలో దాన్ని బోర్డుకు ఇస్తుంది. చివర ఉన్న కెపాసిటర్ ఒడుదుడుకులను చదును చేస్తుంది. స్విచ్ పడి ఉండే కాలం మొత్తంలో సుమారు 42 శాతం, అంటే 12లో 5 వంతులు. నష్టాల వల్ల నిజానికి ఇంకాస్త ఎక్కువ.

మన పెట్టెకు ఇది 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే 2 వాట్లు ఇవ్వడానికి అడాప్టర్ నుంచి 2.35 వాట్లు తీసుకుంటుంది. వేడి 0.35 వాట్, 7805 వేడిలో ఎనిమిదో వంతు. అడాప్టర్ నుంచి లాగే కరెంటు కూడా 0.4 నుంచి 0.2కి పడిపోతుంది. అర ఆంపియర్ అడాప్టర్‌తో నెట్టుకొస్తున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట.

అలాగని బక్‌కు వేడి లేదనుకోకూడదు. మాడ్యూల్ మీద 3 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. 5 వోల్టుల దగ్గర నిజంగా 3 ఆంపియర్లు లాగితే, 80 శాతం సామర్థ్యంతో, దాదాపు 3.75 వాట్లు ఆ చిన్న బోర్డు మీదే వేడవుతాయి. హీట్ సింక్ లేకుండా ఆగకుండా నడపాలంటే అందులో సగానికి అటూ ఇటూ నిలపడం మంచిది. చవక మాడ్యూళ్లలో నకిలీ చిప్పులూ తక్కువేం కాదు. పేరు ఎల్‌ఎం2596 అని ఉన్నా లక్షా యాభై వేలకు బదులు దాదాపు యాభై వేలసార్లే స్విచ్ అయ్యేవి కనిపిస్తుంటాయి. వాటికి ఆ చిన్న కాయిల్ చాలదు.

బక్‌కు అసలు లోపం వేడి కాదు, సందడి. దాని 5 వోల్టుల మీద కొన్ని పదుల మిల్లీ వోల్టుల అల ఎప్పుడూ ఉంటుంది. రిలేలకు పట్టదు. కానీ మట్టి తేమ కొలిచే సెన్సార్ తగిలిస్తే రీడింగులు తడబడవచ్చు. స్విచింగ్ పౌనఃపున్యపు గుణిజాలు మీడియం వేవ్ రేడియోలోకీ దూరతాయి. 150 కిలోహెర్ట్జ్‌కు ఐదు రెట్లు 750. హైదరాబాద్ ఆకాశవాణి 738 దానికి పక్కిల్లే. పెట్టె పక్కన ట్రాన్సిస్టర్ రేడియో పెట్టి చూస్తే గుర్రుమనడం వినిపించవచ్చు.

లీనియర్ రెగ్యులేటర్‌కు తగిన చోటు ఇక్కడే దొరుకుతుంది. ఈఎస్‌పీ32 చిప్ నడిచేది 3.3 వోల్టుల మీద. ఆ బోర్డుల్లో 5ని 3.3 చేసేది చాలావాటిలో ఏఎంఎస్1117 అనే లీనియర్ రెగ్యులేటరే. అక్కడ తేడా 1.7 వోల్టులు, కరెంటు 0.1 ఆంపియర్. వేడి 0.17 వాట్, వేలికి కూడా తెలియదు. బక్ తెచ్చిన అలను కూడా అది చాలావరకు అణిచేస్తుంది. పెద్ద దిగుడు బక్‌కు, చివరి చిన్న మెట్టు లీనియర్‌కు. మన పెట్టెకు సరైన అమరిక ఇదే.

ఇప్పటికే 7805తో చేసిన పెట్టె పడి లేస్తుంటే, రిలేల 230 వోల్టుల తీగలు పూర్తిగా తీసేసి, మూత తెరిచి, టేబుల్ ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి నాలుగు రిలేలూ వేసి చూడండి. పడిపోయే ముందు వ్యవధి పెరిగితే దోషం వేడిదే, ప్రోగ్రాంది కాదు. బక్ మాడ్యూల్‌కు మారేటప్పుడు బోర్డు తగిలించక ముందే 12 వోల్టులు ఇచ్చి, అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, ఆ చిన్న ఇత్తడి మరను 5.0 వచ్చేదాకా తిప్పండి. కొత్త మాడ్యూల్ ఎంత వోల్టేజీ దగ్గర ఉందో చెప్పలేం. నేరుగా తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు. 5.0 నిలిచాక మర కదలకుండా దాని మీద ఒక చుక్క గోళ్ల రంగు వేయండి.