పది ఓంలు లక్ష ఓంలుగా కనిపించే చోటు

కాయిల్ రెండు కొసలను కెపాసిటర్ రెండు కొసలకు కలిపితే ట్యాంక్ సర్క్యూట్ తయారవుతుంది. తీగచుట్ట కరెంటు ఉన్నప్పుడు తన చుట్టూ అయస్కాంత క్షేత్రంగా శక్తిని దాస్తుంది. కెపాసిటర్ తన పలకల మధ్య విద్యుత్ క్షేత్రంగా దాస్తుంది. నిండిన కెపాసిటర్ కాయిల్ గుండా ఖాళీ అవుతుంది. అది ఖాళీ అయ్యే వేళకు కాయిల్‌లో కరెంటు గరిష్ఠంగా ఉంటుంది. ఆ కరెంటు అక్కడితో ఆగదు, కెపాసిటర్‌ను ఎదురు దిశలో నింపుతుంది. మళ్లీ అదే వరస, తిరుగు దిశలో. శక్తి అటూ ఇటూ సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతుందో కాయిల్ ఇండక్టెన్స్ L, కెపాసిటర్ విలువ C నిర్ణయిస్తాయి:

```
f = 1 / (2π√(LC))
```

బయటి నుంచి వచ్చే సిగ్నల్ పౌనఃపున్యం సరిగ్గా ఇంతే అయితే దాన్ని సమాంతర అనునాదం అంటారు.

ఇది చక్కగా పనిచేసే చోటు పాతకాలపు మీడియం వేవ్ క్రిస్టల్ సెట్టు. ఏరియల్ తీగను ట్యాంక్ ఒక కొసకు, భూమికి పాతిన తీగను రెండో కొసకు కలుపుతారు. ఏరియల్ అన్ని స్టేషన్లనూ ఒకేసారి మోసుకొస్తుంది. అనునాదంలో లేని స్టేషన్ల కరెంటుకు ట్యాంక్ సులువైన దారి ఇచ్చి భూమిలోకి పంపేస్తుంది. అనునాదంలో ఉన్నదానికి మాత్రం పెద్ద అడ్డుగా నిలుస్తుంది కాబట్టి ఆ స్టేషన్ వోల్టేజి ట్యాంక్ కొసల మధ్య నిలబడుతుంది, డయోడ్‌కు అదే అందుతుంది.

ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ పౌనఃపున్యం 837 కిలోహెర్ట్జ్. కాయిల్ 200 మైక్రోహెన్రీలది అయితే, పై సూత్రం ప్రకారం గ్యాంగ్ కండెన్సర్‌ను సుమారు 181 పికోఫారడ్ల దగ్గరకు తిప్పాలి. ఆ పౌనఃపున్యం వద్ద కాయిల్ ఒక్కటే చూపే అడ్డు 1,052 ఓంలు. కెపాసిటర్ ఒక్కటే చూపే అడ్డు కూడా అంతే. మామూలు నిరోధాల లెక్కన రెండు సమానమైన అడ్డులను సమాంతరంగా కలిపితే సగానికి, అంటే 526 ఓంలకు పడిపోవాలి. ఇక్కడ జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం.

కారణం కరెంట్ల వేళల్లో ఉంది. కాయిల్‌లో కరెంటు వోల్టేజి కంటే పావు చక్రం వెనక నడుస్తుంది. కెపాసిటర్‌లో కరెంటు పావు చక్రం ముందు నడుస్తుంది. రెండింటి మధ్య తేడా అర చక్రం, అంటే ఒకటి లోపలికి పోతున్నప్పుడు రెండోది అంతే మోతాదులో బయటికి వస్తుంది. ట్యాంక్ మీద 1 వోల్టు ఉంటే కాయిల్‌లో దాదాపు 0.95 మిల్లీ ఆంపియర్లు, కెపాసిటర్‌లోనూ అంతే. ఈ కరెంటంతా ట్యాంక్ లోపలే గిరగిర తిరుగుతుంది. బయటి తీగల్లో ఏమీ ప్రవహించనక్కర్లేదు. బయట కరెంటు సున్నా అయితే బయటి నుంచి చూసేవారికి ట్యాంక్ అనంతమైన అడ్డు.

కాగితం మీద మాత్రమే ఇది నిజం. కాయిల్ రాగి తీగతో చుట్టింది, రాగికి నిరోధం ఉంది. కాయిల్‌కు 10 ఓంల నిరోధం ఉందనుకుందాం. 1,052 పక్కన 10 అంటే లెక్కలోకి రానిదే అనిపిస్తుంది. కానీ ట్యాంక్‌లో కొలవగలిగినదంతా ఆ పది ఓంల మీదే ఆధారపడి ఉంది.

ఆ నిరోధం వల్ల కాయిల్ కరెంటు సరిగ్గా 90 డిగ్రీలు వెనకబడదు, సుమారు 89.5 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. దాంతో కెపాసిటర్ కరెంటు దాన్ని పూర్తిగా రద్దు చేయలేదు. వోల్టేజితో కలిసి నడిచే చిన్న భాగం, సుమారు 9 మైక్రో ఆంపియర్లు, మిగిలిపోతుంది. దాన్ని బయటి సిగ్నలే ఇవ్వాలి. 1 వోల్టుకు 9 మైక్రో ఆంపియర్లంటే ట్యాంక్ ఇంపెడెన్స్ దాదాపు 1,10,000 ఓంలు. సూత్రంగా రాస్తే:

```
Z = L / (C × r)
```

ఇందులో r కాయిల్ నిరోధం. అది భాగహారంలో కింద ఉండటమే అసలు విషయం. కాయిల్ నిరోధం 10 నుంచి 20 ఓంలకు పెరిగితే ట్యాంక్ అడ్డు పెరగదు, 55,000 ఓంలకు పడిపోతుంది. శక్తి పరంగా చూస్తే ఇందులో వింతేమీ లేదు. నిరోధం పెరిగితే ప్రతి చక్రంలో వేడిగా పోయే శక్తి పెరుగుతుంది, ఆ నష్టాన్ని పూడ్చడానికి బయటి నుంచి ఎక్కువ కరెంటు రావాలి. ఎక్కువ కరెంటు తీసుకునేదాన్ని తక్కువ అడ్డు అనే అంటాం.

కాయిల్ అడ్డును దాని నిరోధంతో భాగిస్తే వచ్చే అంకెను Q అంటారు. ఇక్కడ 1,052ను 10తో భాగిస్తే 105. లోపల తిరిగే కరెంటు బయటి కరెంటుకు 105 రెట్లు అని దాని అర్థం. ట్యాంక్‌లో దాచిన శక్తిలో ఒక్కో చక్రానికి సుమారు 6 శాతం కరిగిపోతుందని కూడా అదే అంకె చెబుతుంది.

స్టేషన్లను విడదీసే శక్తి కూడా Q నుంచే వస్తుంది. వోల్టేజి శిఖరంలో 70.7 శాతానికి పడే రెండు పౌనఃపున్యాల మధ్య దూరమే ట్యాంక్ వెడల్పు. 837ను 105తో భాగిస్తే అది 8 కిలోహెర్ట్జ్. హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ వద్ద ఉంది, అంటే 99 కిలోహెర్ట్జ్ దూరంలో. అక్కడ ఈ ట్యాంక్ అడ్డు శిఖరంలో 26వ వంతుకు, దాదాపు 4,200 ఓంలకు దిగిపోతుంది. కాబట్టి హైదరాబాద్ విజయవాడ మీద పడి గోల చేయదు. పక్క ఛానెల్ సంగతి వేరు. మన మీడియం వేవ్‌లో ఛానెళ్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. 846 వద్ద బలమైన స్టేషన్ ఉంటే దాని వోల్టేజి 41 శాతం దాకా దూరిపోతుంది. ఒక్క ట్యాంక్‌తో దాన్ని ఆపడం కష్టం. సూపర్‌హెటరోడైన్ రేడియోల్లో వరసగా పలు ట్యాంకులు పెట్టడానికి ఇదొక కారణం.

ఈ 10 ఓంలను మల్టీమీటర్‌తో కొలవాలని చూస్తే చాలాసార్లు నిరాశే. మీటరు ఒకటో రెండో ఓంలు చూపవచ్చు. అది నిలకడ కరెంటుకు తీగ చూపే నిరోధం. 837 కిలోహెర్ట్జ్ వద్ద కరెంటు తీగ నిండా పారదు, పైపొరను అంటిపెట్టుకుని పోతుంది. రాగిలో ఆ పొర మందం సుమారు 0.07 మిల్లీమీటర్లే. పక్కపక్క చుట్ల అయస్కాంత క్షేత్రాలు కరెంటును ఇంకా ఓ మూలకు నెడతాయి. కాయిల్ లోపల ఫెరైట్ కడ్డీ ఉంటే దాని నష్టం కూడా నిరోధంగానే లెక్కకు వస్తుంది. లావు తీగతో చుట్టినంత మాత్రాన మీడియం వేవ్ కాయిల్ మెరుగుపడదు. సన్నటి ఎనామెల్ తీగపోగులను విడివిడిగా పూత పూసి పేనిన లిట్జ్ తీగను అందుకే వాడతారు.

నిరోధం వల్ల అనునాద పౌనఃపున్యం కూడా కాస్త కిందికి జరుగుతుంది. బయటి కరెంటు, వోల్టేజి కచ్చితంగా కలిసి నడిచే పౌనఃపున్యాన్ని లెక్కించాలంటే మొదటి సూత్రపు జవాబును √(1 − 1/Q²)తో గుణించాలి. Q 105 అయితే తేడా 837 కిలోహెర్ట్జ్‌లో 38 హెర్ట్జ్. ఏ గ్యాంగ్ కండెన్సర్ గుండీకీ అది అందే తేడా కాదు. అదే కాయిల్‌కు నిరోధం 500 ఓంలైతే ఆ పౌనఃపున్యం 736 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. విజయవాడకు కట్టిన సెట్టు హైదరాబాద్ పక్కన తేలినట్టు. అంత చెత్త కాయిల్‌ను ఎవరూ చుట్టరు గానీ, ఒక మెలిక అక్కడ బయటపడుతుంది. ఇంపెడెన్స్ గరిష్ఠమయ్యే పౌనఃపున్యం అప్పటికీ 828 దగ్గరే ఉంటుంది. కరెంటు వోల్టేజి కలిసి నడిచే చోటు, అడ్డు గరిష్ఠమయ్యే చోటు ఒకటే అని పాఠ్యపుస్తకాలు చెప్పేది Q పెద్దదైనప్పుడు మాత్రమే నిజం. నిరోధం 1,052 ఓంలకు చేరితే మొదటి రకం అనునాదం అసలు ఉండనే ఉండదు. అడ్డులో ఓ మొద్దుబారిన గుట్ట మాత్రం మిగులుతుంది.

ఆచరణలో ట్యాంక్‌ను పాడుచేసేది కాయిల్ కంటే ఎక్కువగా దానికి తగిలించే బరువే. డయోడ్, ఇయర్‌ఫోన్ కలిసి 10,000 ఓంల భారమైతే, దాన్ని ట్యాంక్ కొసల మధ్య నేరుగా పెట్టగానే 1,10,000 ఓంల అడ్డు 9,200కు కూలుతుంది. Q 9కి దిగుతుంది. హైదరాబాద్ కూడా 41 శాతం వోల్టేజితో విజయవాడ వెనకాల వినబడుతుంది. గుండీ ఎంత తిప్పినా రెండు స్టేషన్లు విడిపోకపోవడమే ఈ జబ్బుకు గుర్తు. దీనికి మందు కాయిల్ చుట్లలో పావు వంతు దగ్గర ఒక కొస తీసి భారాన్ని అక్కడ కలపడం. అప్పుడు అదే 10,000 ఓంలు మొత్తం ట్యాంక్‌కు 16 రెట్లు, అంటే 1,60,000 ఓంలుగా కనిపిస్తాయి. Q 62 దగ్గర నిలబడుతుంది. డయోడ్‌కు వెళ్లే వోల్టేజి తగ్గుతుంది గానీ స్టేషన్లు విడిపోతాయి.

Qను కొలవాలంటే సిగ్నల్ జనరేటర్‌ను పెద్ద నిరోధం ద్వారా ట్యాంక్‌కు కలిపి, వోల్టేజి శిఖరాన్ని, దానికి రెండు వైపులా 70.7 శాతం చోట్లను గుర్తించి భాగిస్తే చాలు. ఇక్కడ ఆసిలోస్కోప్ ప్రోబే మోసం చేయగలదు. అది 12 పికోఫారడ్లు జోడిస్తే 181 కాస్తా 193 అయి, శిఖరం 837 నుంచి దాదాపు 810కి జారుతుంది. ప్రోబ్‌ను నేరుగా తగిలించకుండా, పక్కన రెండు చుట్ల తీగ పెట్టి దాని నుంచి చూడటం మేలు.

ఇంతా చెప్పాక Q ఎంత ఎక్కువైతే అంత మంచిదనిపించవచ్చు. రేడియో సిగ్నల్ ఒక్క గీత కాదు. మాట, పాట 837కు రెండు వైపులా 4.5 కిలోహెర్ట్జ్ దాకా పరుచుకుని ఉంటాయి. Q 105 అయితే ఆ అంచుల వద్ద 66 శాతం మిగులుతుంది. Q 300 అయితే 30 శాతమే, గొంతులోని సకారాలు, తాళాల మోత మసకబారి వినిపిస్తాయి. ఇంకా వెడల్పైన సిగ్నల్ నడవాల్సిన టెలివిజన్ సెట్ల దశల్లో ట్యాంక్ మీద కావాలనే ఒక నిరోధాన్ని అడ్డంగా పెట్టి Qను దించేవారు.