మంట దగ్గర అడిగిన ప్రశ్న

యేసును పట్టుకుపోయిన రాత్రి పేతురు ఒక్కపూటలో రెండు రకాలుగా కనిపిస్తాడు. తోటలోకి ఆయుధాలతో మనుషులు వచ్చినప్పుడు కత్తి దూసి ఒకడి చెవి నరికాడు. కొన్ని గంటలు తిరిగేసరికి ప్రధాన యాజకుడి ముంగిట్లో, బొగ్గుల నిప్పు దగ్గర నౌకర్ల మధ్య చలి కాచుకుంటూ నిలబడ్డాడు. నువ్వూ ఆయన మనిషివే కదా అని ఒక పనిపిల్ల అడిగింది. కాదన్నాడు. నీ యాసే చెబుతోందన్నారు పక్కనున్నవాళ్లు. అతనిది గలిలయ యాస. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ బొంకాడు. ఆయుధాలకు జంకని మనిషి నలుగురిలో అడిగిన ఒక ప్రశ్నకు కుంగిపోయాడు.

ధైర్యం మీద ప్రసంగం అంటే మన చర్చిల్లో ఎక్కువగా దానియేలు సింహాల గుహో, అగ్నిగుండమో వినిపిస్తుంది. వినేవాళ్లలో చాలామందికి సింహం ఎదురుకాదు. కుళాయి దగ్గర పక్కింటావిడ ఎదురవుతుంది. పండుగ చందాకి వచ్చిన కుర్రాళ్లు, ‘గొర్రెలు’ అని మెసేజ్ పెట్టే పాత స్నేహితుడు, పేరంటానికి పిలవడం మానేసిన బంధువులు ఎదురవుతారు. అలాంటివాళ్లకు దగ్గరగా ఉండేది ఆ నిప్పు దగ్గరి పేతురే. అతని పేరున ఉన్న మొదటి పత్రిక, అందులోనూ మూడో అధ్యాయం చివరి భాగం, సరిగ్గా ఈ బాధ గురించే మాట్లాడుతుంది. పత్రిక రాసింది అతనేనా అని పండితుల్లో వాదం ఉంది గానీ, సంఘాలు మొదటినుంచీ దాన్ని అతని మాటగానే చదువుకున్నాయి.

ఈనాటి టర్కీలో ఉన్న పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ అనే ప్రాంతాల్లో చెల్లాచెదురుగా ఉన్న విశ్వాసులకు రాసిన ఉత్తరం అది. రోమా సామ్రాజ్యమంతటా ఒకేసారి క్రైస్తవుల మీద ఒత్తిడి తెచ్చిన ఆజ్ఞ క్రీ.శ. 250 నాటిది. ఈ పత్రిక అంతకు చాలా ముందుది. ఇందులోని బాధల పేర్లు గమనిస్తే ఎక్కువ భాగం నోటి నుంచి వచ్చేవే: చెడుగా చెప్పుకోవడం, నిందించడం, దూషించడం. కారణం కూడా నాలుగో అధ్యాయంలో ఉంది. నిన్నటిదాకా తమతో తాగి తిరిగినవాడు ఇవాళ రాకపోతే స్నేహితులకు వింతగా తోచింది. ఆ వింతే తిట్టుగా మారింది.

ఇరుగుపొరుగు మాట ఎక్కడిదాకా పోగలదో అదే ప్రాంతపు చరిత్ర చూపిస్తుంది. దాదాపు క్రీ.శ. 112లో బితూనియ, పొంతు ప్రాంతాలను పాలించిన ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, ఎవరో పేరు పెట్టకుండా చాలామంది పేర్లతో ఒక జాబితా పంపారని చెప్పాడు. క్రైస్తవులను వెతికి పట్టుకోవద్దని, ఆకాశరామన్న ఉత్తరాలను లెక్కచేయవద్దని ట్రాజన్ జవాబిచ్చాడు. ఆనాటి విశ్వాసి భయం ఉత్తిదేమీ కాదన్నమాట. కాబట్టి భయపడేవాడిని పిరికివాడనడం ప్రసంగీకుడి పని కాకూడదు.

మరి పత్రిక ఏం చేయమంటుంది? భయాన్ని తీసేయమనదు, దాని చోటు మార్చమంటుంది. తెలుగు బైబిల్లో ‘బెదరింపు’ అని ఉన్నచోట గ్రీకులో ఉన్నది ‘వాళ్ల భయం’ అనే మాట. అది యెషయా గ్రంథం ఎనిమిదో అధ్యాయం నుంచి తెచ్చినది. క్రీ.పూ. 734 ప్రాంతంలో సిరియా రాజు, ఇశ్రాయేలు రాజు కలిసి యూదా మీదికి వస్తున్నారని తెలిసి, రాజు ఆహాజు మొదలు ప్రజలందరి గుండెలూ గాలికి ఊగే అడవి చెట్లలా ఊగాయి. ఊరంతా దేనికి భయపడుతోందో నువ్వు దానికి భయపడకు, భయపడవలసింది దేవుడికి అని ప్రవక్తకు వచ్చిన సందేశం. పేతురు పత్రిక ఆ మాటనే ఎత్తుకుని, వెంటనే ఇంకో సంగతి చేర్చింది. మీ నిరీక్షణకు కారణం ఏమిటని అడిగినవారికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి, అయితే సాత్వికంగా, భయంతో చెప్పండి అంది. ఇప్పుడే వద్దన్న భయం రెండు ముక్కల తర్వాత మళ్లీ వచ్చింది. మొదటిది మనుషుల ముందు భయం, రెండోది దేవుడి ముందు భయం. రెండోది ఉన్నవాడి గొంతు పెరగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. కొత్తగా ప్రార్థనకు వెళుతున్న ఒకావిడను కుళాయి దగ్గర పక్కింటావిడ నలుగురూ వినేలా అడిగింది: ‘ఏమ్మా, మీ వాళ్లు డబ్బులిస్తారటగా, నీకెంతిచ్చారు?’ నవ్వేసి, ‘అబ్బే, నేనెక్కడ వెళుతున్నాను వదినా’ అనవచ్చు. అది నిప్పు దగ్గర పేతురు జవాబు. లేదా ఎదుటివాళ్ల దేవుళ్లను తిట్టి నోరు మూయించవచ్చు. చూడ్డానికి ధైర్యంలా ఉన్నా అది తోటలో కత్తి దూసిన పేతురు. భయమే కోపం వేషంలో వచ్చింది. మూడో దారి ఇంకోటుంది: ‘లేదు వదినా, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పిల్లాడికి బాగాలేనప్పుడు వచ్చి ప్రార్థన చేశారు. నా మనసు కుదుటపడింది. అప్పట్నుంచీ వెళుతున్నా.’ అంతే. అడిగినదానికే జవాబు, తన సొంత సంగతే, ఎదుటివాళ్ల మీద ఒక్క మాట లేదు. మర్నాడు ఆ వదినకు ఒంట్లో బాగాలేకపోతే బిందె నింపి ఇచ్చిరావడం కూడా ఆ జవాబులో భాగమే.

చాలా ప్రసంగాలు దాటేసే వచనం ఒకటి నాలుగో అధ్యాయంలో ఉంది. బాధపడితే క్రైస్తవుడిగా పడండి, హంతకుడిగానో దొంగగానో కాదు అంటూ, ఆ వరుసలోనే పరుల జోలికి పోయేవాడినీ చేర్చింది. మన వీధికి ఇది బాగా వర్తిస్తుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ వాడకాన్ని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు కట్టడి చేశాయి. పదిన్నరకు మైకు మోగుతుంటే పొరుగాయన వచ్చి కేకలేశాడనుకోండి, అది విశ్వాసానికి వచ్చిన శ్రమ కాదు, నిద్ర చెడినవాడి ఫిర్యాదు. మైకు ఆపి క్షమాపణ అడగాలి. నిందకు కారణం విశ్వాసమా, మన తీరా అని ముందు తేల్చుకోవాలి.

అలాగని సాత్వికమంటే దెబ్బలు తింటూ కూర్చోవడమూ కాదు. కొరడాలతో కొట్టబోతే, తీర్పు లేకుండా రోమా పౌరుడిని కొట్టవచ్చా అని పౌలు అడిగాడు, అధికారి వెనక్కి తగ్గాడు. ఎగతాళికి ఓర్పు సరిపోతుంది. ఇంటి మీదికి వచ్చినా, నీళ్లు ఆపినా, చెయ్యి చేసుకున్నా పోలీస్ స్టేషన్‌కు వెళ్లడం విశ్వాసం తక్కువై చేసే పనేమీ కాదు.

ఒక్క ఆదివారం ప్రసంగంతో భయం పోతుందని మాత్రం ఎవరూ మాటివ్వకూడదు. యెరూషలేములో సభ ముందు గొంతెత్తి మాట్లాడిన పేతురే, తర్వాత అంతియొకయలో యాకోబు దగ్గరి నుంచి మనుషులు రాగానే, అన్యజనులతో కూర్చుని తినడం మానేశాడు. ఈసారి భయం సొంతవాళ్లు ఏమనుకుంటారోనని. పౌలు అందరి ముందే నిలదీశాడు. పడినవాడు, మళ్లీ పడినవాడు అతను. ఆ పేరు మోసిన పత్రికే తడబడేవాళ్లకు ధైర్యం చెబుతోంది. అందుకే ఈసారి కుళాయి దగ్గర ఎవరైనా అడిగినప్పుడు, ఏం జవాబు చెప్పామన్నదానితో పాటు ఏ గొంతుతో చెప్పామో కూడా ఇంటికొచ్చి గుర్తుచేసుకోండి. భయం ఎవరి ముందు ఉందో ఆ గొంతు చెబుతుంది.