కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పే ఉత్తరం

రెండేళ్లకో మూడేళ్లకో కాంట్రాక్టు మీద తీసుకున్న ఉద్యోగి గడువు తీరితే ఉద్యోగం దానంతటదే ముగుస్తుంది. పొడిగించడం లేదని ముందుగా నోటీసు ఇచ్చి తీరాలని చట్టం సాధారణంగా అడగదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా గడువు తీరడంతో ఆగిన ఉద్యోగాన్ని రిట్రెంచ్‌మెంట్ కింద లెక్కించదు. కాంట్రాక్టులోనే నోటీసు షరతు రాసుకుని ఉంటే మాత్రం దాన్ని పాటించాల్సిందే. ఇలా చట్టం బలవంతపెట్టని ఉత్తరం కనుకనే చాలా కంపెనీలు దాన్ని రాయవు. ఈసారీ పొడిగిస్తారులే అని నమ్ముకున్న మనిషికి చివరి వారంలో తెలుస్తుంది. కొందరికైతే గేటు దగ్గర కార్డు పనిచేయనప్పుడు తెలుస్తుంది. అప్పటికి పిల్లల స్కూలు ఫీజు కట్టేసి ఉంటారు, బండికి ఈఎంఐ పెట్టుకుని ఉంటారు.

ఇది ఎలా రాస్తే బాగుంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ ఉందనుకుందాం. 2026 జనవరి 1న ల్యాబ్ అసిస్టెంటుగా ఒకామెను రెండేళ్ల కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఆమె పనిచేస్తున్న ప్రాజెక్టు 2027 డిసెంబరుతో పూర్తవుతుంది. పొడిగింపు లేదని యాజమాన్యం అక్టోబరులోనే తేల్చుకుంది. డిసెంబరు దాకా ఆగడానికి కారణమేమీ లేదు. ముందే చెబితే పని మీద మనసు పెట్టరని కొందరు మేనేజర్లు భయపడతారు. నేను చూసినంతలో పని చెడేది ఆ ముందుమాట వల్ల కాదు, పుకార్ల వల్ల. ఎవరిని ఉంచుతారో, ఎవరిని పంపుతారో తెలియని ల్యాబ్‌లో ఎవరికీ మనసు నిలవదు.

అక్టోబరు 25, సోమవారం. ఆమె పై అధికారి ముందు గదిలోకి పిలిచి నోటితో చెప్పాలి, ఆ తర్వాతే కాగితం చేతికివ్వాలి. శుక్రవారం సాయంత్రం చెప్పి పంపేస్తే శని, ఆదివారాలు అడగడానికి ఎవరూ దొరకరు. సోమవారమైతే మర్నాడు మళ్లీ వచ్చి తన సందేహాలు అడగగలుగుతుంది. ఉత్తరం ఇంత ఉంటే చాలు:

“గౌరవనీయులైన మీకు నమస్కారం. మీతో కుదుర్చుకున్న రెండేళ్ల కాంట్రాక్టు 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. దాన్ని పొడిగించడం లేదని తెలియజేస్తున్నాం. మీరు పనిచేస్తున్న ప్రాజెక్టు ఆ నెలతో పూర్తవుతోంది, ఆ తర్వాత ఈ పోస్టు ఉండదు. మీ పనితీరుకు ఈ నిర్ణయంతో సంబంధం లేదు. శాంపిళ్ల రిజిస్టరును మీరు చేతికి తీసుకున్నాక గత రెండు ఆడిట్లలోనూ అందులో ఒక్క లోపమూ రాలేదు. మీకు రావలసిన మొత్తాల వివరం దీనితో జతచేశాం. ఇంటర్వ్యూలకు వెళ్లవలసి వస్తే ముందుగా చెప్పండి, సెలవు సర్దుబాటు చేస్తాం.”

ఇందులో మెత్తదనం ఎక్కడుందో గమనించండి. పొడిగించడం లేదన్న మాట నమస్కారం తర్వాత రెండో వాక్యంలోనే వచ్చేసింది. ‘భారమైన హృదయంతో’ అని మొదలుపెట్టి అరపేజీ కృతజ్ఞతలు చెప్పి, చివరి పేరాలో అసలు సంగతి దాచే ఉత్తరాలు చాలా వస్తాయి. చదివే మనిషికి ఆ అరపేజీ అంతా గుండె దడే. మెచ్చుకోలు కూడా ఫలానా రిజిస్టరు, ఫలానా ఆడిట్ అని చెబితేనే ఆమె పని ఎవరో చూశారని తెలుస్తుంది. ‘మీ అమూల్యమైన సేవలు’ అన్నది ఎవరికి రాసినా సరిపోతుంది కాబట్టి ఎవరికీ తగలదు.

ఇక రాయకూడని వాక్యం ఒకటుంది: ‘భవిష్యత్తులో ఖాళీలు వస్తే మిమ్మల్ని తప్పక పిలుస్తాం.’ మంచి మనసుతోనే రాస్తారు. కానీ దాన్ని పట్టుకుని నెలల తరబడి వేరే ఉద్యోగం వెతక్కుండా ఎదురుచూసేవాళ్లుంటారు. నిజంగా పిలిచే ఉద్దేశం ఉంటే ఏ పోస్టు, ఎప్పుడు అన్నది చెప్పాలి. లేకపోతే ఊరుకోవడమే దయ.

కారణం నిజమై ఉండాలి. ప్రాజెక్టు అయిపోయిందని రాసి, జనవరిలో అదే బల్ల దగ్గర ఇంకొకరిని కూర్చోబెడితే ఆ మర్యాదంతా అబద్ధమైపోతుంది. పనితీరు బాగాలేదనో, ప్రవర్తన సరిగా లేదనో ఉత్తరంలో రాయడం మరో చిక్కు. అప్పుడది గడువు తీరిన కాంట్రాక్టులా కాక మనిషి మీద వేసిన మచ్చలా కనిపిస్తుంది. ముఖ్యంగా ప్రభుత్వ సంస్థల విషయంలో, విచారణ లేకుండా మచ్చ వేసి పంపిన ఉత్తర్వులను కోర్టులు కొట్టేసిన సందర్భాలున్నాయి.

జతచేసిన కాగితం ఉత్తరం కంటే ముఖ్యం. పాత చట్టంలో గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా అయిదేళ్ల సర్వీసు కావాలి. కొత్త సామాజిక భద్రత కోడ్ కింద నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాది సర్వీసు ఉంటే చాలు. గ్రాట్యుటీకి లెక్కించే ఆమె వేతనం నెలకు 26,000 రూపాయలనుకోండి. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 15,000, రెండేళ్లకు 30,000 రూపాయలు. ఈ హక్కు ఉన్నట్టు చాలామంది కాంట్రాక్టు ఉద్యోగులకు ఇంకా తెలియదు, అడగరు. అందుకే కంపెనీయే ఆ అంకెను కాగితం మీద పెట్టాలి. దానితోపాటు వాడుకోని సెలవుల సొమ్ము, ఆరోగ్య బీమా ఏ తేదీతో ఆగుతుంది, అనుభవ ధ్రువపత్రం ఎప్పుడిస్తారు అన్నవి కూడా ఉండాలి. పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానిన తేదీని కంపెనీ నమోదు చేయాలి. ఇది మరిచిపోతే డబ్బు బదిలీకి, తీసుకోవడానికి అక్కడే ఆగిపోతారు. చివరి పీఎఫ్ జమ అయ్యాక రెండు నెలలు దాటితే ఉద్యోగి తానే పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో ఆ తేదీ వేసుకోవచ్చు.

ఎంత మర్యాదగా రాసినా కొన్ని బాధ్యతలను ఉత్తరం తీర్చదు. ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసిన డాక్టర్ కవితా యాదవ్ 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. కాంట్రాక్టు జూన్ 11తో ముగుస్తుందని 11 రోజులే ఇచ్చారు. గడువు తీరినా పూర్తి ప్రసూతి ప్రయోజనాలు చెల్లించాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన ల్యాబ్ అసిస్టెంటు డిసెంబరులో గర్భవతిగా ఉంటే ఉత్తరం రాసేవాళ్లు ఈ తీర్పు ముందు చదువుకోవాలి. అలాగే ఏడాది పొడవునా ఉండే పనికి ఒకే మనిషిని తాత్కాలికం పేరుతో ఏళ్లకేళ్లు తిప్పుతూ శాశ్వత ఉద్యోగుల హక్కులు అందకుండా చేస్తే అది అనుచిత కార్మిక విధానం. అక్కడ వివాదం ఉత్తరం భాష మీద కాదు, ఆ ఏళ్ల మీద నడుస్తుంది.

డిసెంబరు 31 దాటాక ‘ఇంకో పది రోజులు వచ్చి రికార్డులు అప్పగించి వెళ్లండి’ అనడం కూడా మామూలే. ఉత్తరంలో ముగింపు తేదీ రాసి, ఆపైన కూడా పని చేయించుకుంటే కాంట్రాక్టు కొనసాగిందా లేదా అన్న తగాదాకు కంపెనీయే తలుపు తీసినట్టు. అప్పగింతలు డిసెంబరు మూడో వారంలోనే ముగించాలి.

ఉద్యోగి వైపు నుంచి ఒక జాగ్రత్త. ఉత్తరం అందిందని రెండో ప్రతి మీద సంతకం అడుగుతారు, పెట్టొచ్చు. అయితే సంతకం పైన ‘నాకు రావలసిన మొత్తాలన్నీ ముట్టినవి’ అన్న వాక్యం ఉందేమో చూసుకోవాలి. డబ్బు ఖాతాలో పడకముందు దాని కింద సంతకం చేయనవసరం లేదు. ఆ వాక్యం కొట్టేసి, ‘ప్రతి అందినది’ అని రాసి, తేదీ వేసి ఇస్తే సరిపోతుంది.