ఎదురింటి డాబా మీద నుంచి తీసిన ఫోటోలో మన బిల్డింగ్ కూర్చోబెట్టడం: హొరైజన్, కొలత, నీడ

ఈ ఎపిసోడ్‌లో చాలామంది కామెంట్స్‌లో అడుగుతున్న విషయం చూద్దాం. త్రీడీలో బిల్డింగ్ రెండర్ చేశారు, సైట్ ఫోటో కూడా ఉంది. రెండూ కలిపితే బిల్డింగ్ గాల్లో తేలుతున్నట్టో, బొమ్మ అతికించినట్టో కనిపిస్తుంది. ఎందుకు?

దీనికి ఒక సివిల్ ఇంజినీర్ గారు పంపిన కేసు తీసుకుందాం. విజయవాడలో ఒక ఖాళీ స్థలం, పడమర వైపు రోడ్డు. అక్కడ గ్రౌండ్ ప్లస్ టూ కట్టాలి. ఉత్తరం పక్కన ఒకే అంతస్తు ఇల్లు ఉంది, ఆ ఇంటివాళ్లు డాబా మీద సోలార్ ప్యానెల్స్ పెట్టించుకోవాలనుకుంటున్నారు. "మీ ఇల్లు లేస్తే మా డాబా మీద నీడ ఎంత పడుతుంది?" అని వాళ్ల ప్రశ్న. అంటే ఈ బొమ్మ గోడకి తగిలించుకోవడానికి కాదండి. దీన్ని చూసి పక్కింటాయన లక్షల ఖర్చు ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకుంటారు. నీడ అందంగా ఉంటే సరిపోదు, నిజంగా ఉండాలి.

పక్కింటి డాబా కనిపించాలి కాబట్టి ఫోటోని ఎదురింటి డాబా మీద నుంచి తీశారు. కెమెరా సరిగ్గా తూర్పు వైపు చూస్తోంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24 ఎంఎం లెన్స్, ఫోటో సైజు 6000 × 4000 పిక్సెళ్లు. డిసెంబర్ 21, మధ్యాహ్నం మూడున్నర. పిట్టగోడ మీద నుంచి టేపు కిందికి వదిలి కొలిస్తే, కెమెరా రోడ్డు నుంచి 8 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ 8 అనే నంబర్‌ని గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ మొత్తం దాని మీదే నడుస్తుంది.

ముందు హొరైజన్ లైన్. తెలుగులో దిగంతరేఖ అంటాం. చాలామంది దీన్ని ఆకాశం, చెట్లు కలిసే చోటు అనుకుంటారు. అది కాదండి. హొరైజన్ అంటే కెమెరా ఎత్తు. కెమెరా 8 మీటర్ల ఎత్తులో ఉంటే, నేల సమతలంగా ఉన్నంతవరకు, ఫోటోలో ఎంత దగ్గరున్నా ఎంత దూరమున్నా, 8 మీటర్ల ఎత్తున్న ప్రతి వస్తువు తల ఆ గీతని తాకుతుంది. 8 మీటర్ల కంటే కింద ఉన్నవి గీత కింద, పైన ఉన్నవి గీత పైన.

మరి ఫోటోలో ఆ గీత ఎక్కడుంది? నిజంలో ఒకదానికొకటి సమాంతరంగా, నేలకి మట్టంగా ఉన్న రెండు అంచులు తీసుకోండి. ఇక్కడ పక్కింటి ప్రహరీ పై అంచు, కింది అంచు రెండూ వెనక్కి వెళ్తున్నాయి. రెండింటినీ గీతలుగా పొడిగిస్తే ఒక బిందువులో కలుస్తాయి. అదే వానిషింగ్ పాయింట్, హొరైజన్ దాని మీదుగానే పోతుంది. ఈ ఫోటోలో అది పై నుంచి 1960వ వరుసలో వచ్చింది. కెమెరా పక్కాగా మట్టంగా ఉంటే సగం, అంటే 2000 రావాలి. 40 పిక్సెళ్ల తేడా అంటే కెమెరా అర డిగ్రీ కంటే కాస్త ఎక్కువ కిందికి వంగింది. ఇంత చిన్న వంపుతో మన కొలతలు ఐదారు పిక్సెళ్లే తప్పుతాయి, పర్లేదు. ఒక జాగ్రత్త: ఈ సగం లెక్క క్రాప్ చేయని ఫోటోకే పనిచేస్తుంది. వాట్సాప్‌లో ఎవరో కత్తిరించి పంపిన ఫోటోలో లెన్స్ మధ్యభాగం ఎక్కడుందో తెలియదు. ఒరిజినల్ ఫైలే అడగండి.

ఇక కొలత. ఇక్కడ రెండు దారులున్నాయి, రెండూ ఒకే జవాబు ఇవ్వాలి. మొదటిది లెన్స్ దారి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 ఎంఎం, కాబట్టి 24 ఎంఎం లెన్స్ అంటే పిక్సెళ్లలో 4000. కెమెరా నుంచి బిల్డింగ్ ముందు గోడ 20 మీటర్ల దూరం. అంటే ఆ దూరంలో ఒక మీటరుకి 200 పిక్సెళ్లు. బిల్డింగ్ ఎత్తు చూస్తే బేస్‌మెంట్ 0.6, మూడు అంతస్తులు మూడేసి మీటర్లు, పిట్టగోడ ఒక మీటరు. మొత్తం 10.6.

```
f    = 24 / 36 * 6000             # 4000
ppm  = f / 20                     # 200
base = 1960 + 8.0 * ppm           # 3560
top  = 1960 - (10.6 - 8.0) * ppm  # 1440
```

అంటే గోడ పాదం 3560వ వరుసలో, పిట్టగోడ తల 1440వ వరుసలో. మొత్తం 10.6 మీటర్ల బిల్డింగ్‌లో హొరైజన్ పైకి లేచేది 2.6 మీటర్లే.

రెండో దారికి లెన్స్ వివరాలు అక్కర్లేదు. పక్కింటి ముందు గోడ కూడా అదే వరుసలో ఉంది. ఆ గోడ పాదం నుంచి హొరైజన్ దాకా ఫోటోలో కొలవండి, 1600 పిక్సెళ్లు. నిజంలో అది కెమెరా ఎత్తు, 8 మీటర్లు. భాగిస్తే మళ్లీ 200. సరిచూడ్డానికి పక్కింటి స్లాబ్ ఎత్తు టేపుతో కొలిచారు, 3.6 మీటర్లు. ఫోటోలో 720 పిక్సెళ్లు రావాలి, వచ్చింది. రాకపోతే స్థలం, రోడ్డు ఒకే లెవెల్‌లో లేవని అర్థం. మన ఊళ్లలో రోడ్డు వేసిన ప్రతిసారీ పైకి లేస్తుంది కదా, పాత స్థలాలు పల్లంలో ఉండిపోతాయి. స్థలం రోడ్డుకి 60 సెంటీమీటర్లు కిందుంటే, కెమెరా ఎత్తు ఆ స్థలానికి 8.6 అవుతుంది.

ఇప్పుడు తప్పు ఎలా పట్టుకోవాలో చెప్తా. చాలామంది రోడ్డు మీద నిల్చున్నట్టు, 1.6 మీటర్ల ఎత్తులో కెమెరా పెట్టి రెండర్ చేస్తారు. దాన్నే తెచ్చి ఈ డాబా ఫోటోలో పెట్టి, సైజు లాగి సరిపెడతారు. ఎంత లాగినా కుదరదు. సన్‌షేడ్స్ చూడండి చాలు. ఈ ఫోటోలో కెమెరా 8 మీటర్ల మీదుంది, కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్, ఫస్ట్ ఫ్లోర్ సన్‌షేడ్ల పైభాగం కనిపించాలి. అడుగుభాగం కనిపించేది 8 మీటర్ల పైనున్న వాటికి మాత్రమే. ఫస్ట్ ఫ్లోర్ బాల్కనీ అడుగు కనిపిస్తుంటే ఆ రెండర్ వేరే ఎత్తు నుంచి చేసినది. మళ్లీ రెండర్ చేయాల్సిందే.

ఈ అమరికంతా చేత్తో చేయాల్సిన పని లేదు. `fSpy` అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫోటో పెట్టి, రెండు దిక్కుల గీతలు లాగితే కెమెరాని లెక్కగట్టి `Blender`కి ఇస్తుంది. కానీ అది ఇచ్చేది కోణాలే. అసలు సైజు మీరు కొలిచిన ఒక పొడవు నుంచే రావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న, నీడ. సూర్యుడు ఎక్కడున్నాడో ఊహించక్కర్లేదు. `Blender`లో `Sun Position` అనే యాడ్ఆన్ ఉంది. అక్షాంశం 16.5, రేఖాంశం 80.65, టైమ్ జోన్ 5.5, తేదీ, సమయం ఇస్తే సూర్యుడిని పెడుతుంది. మన ఫోటో సమయానికి సూర్యుడు నైరుతిలో, దక్షిణం నుంచి పడమరకి దాదాపు 53 డిగ్రీలు జరిగి, 26 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. దీన్ని ఫోటోతోనే సరిచూడొచ్చు. పక్కింటి గేటు దిమ్మ 1.5 మీటర్లు, నేల మీద దాని నీడ 3.05 మీటర్లు. అంటే ఎత్తుకి రెండింతలు. 26 డిగ్రీలకి అంతే రావాలి. తేడా వస్తే ముందు అనుమానించాల్సింది కెమెరా గడియారాన్ని. దిక్కు కోసం ఫోన్ కంపాస్‌ని నమ్మకండి, పక్కన ఇనుము ఉంటే తిరిగిపోతుంది. శాటిలైట్ మ్యాప్‌లో రోడ్డు ఏ కోణంలో ఉందో చూసుకోండి.

నేల మీద మన బిల్డింగ్ నీడ ఈశాన్యంగా 21 మీటర్లు దాటుతుంది. కానీ పక్కింటి డాబా నేల మీద లేదు కదా! 3.6 మీటర్ల పైనుంది. డాబాకి లెక్కలోకొచ్చే ఎత్తు 10.6 లోంచి 3.6 తీసేస్తే 7 మీటర్లు. దాని నీడ 14.3 మీటర్లు, అందులో ఉత్తరం వైపు జరిగేది 8.7. అందుకే నేల కోసం ఒక ప్లేన్ పెట్టి వదిలేస్తే సరిపోదు. పక్కింటి ఆకారాన్ని కూడా సాదా డబ్బాలా కట్టి, రెండింటికీ `Shadow Catcher` టిక్ పెట్టాలి. లేకపోతే పక్కిల్లు అసలు లేనట్టు నీడ నేల మీదే పాకిపోతుంది.

రెండిళ్ల మధ్య సందు 2 మీటర్లు. నీడ అంచు డాబా ముందు భాగంలో మొదలై ఏటవాలుగా వెనక్కి వెళ్తుంది. 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పున్న ఆ డాబాలో సుమారు మూడో వంతు, మన వైపు వెనక మూల, నీడలో ఉంటుంది. రోడ్డు వైపు, ఉత్తరపు మూల ఎండలోనే ఉంటుంది.

నీడ రంగు సంగతి. నలుపు వేయకండి. నీడలో ఎండ ఉండదు గానీ ఆకాశపు వెలుగు ఉంటుంది, అందుకే కాస్త నీలంగా కనిపిస్తుంది. పక్కింటి డాబా మీద వాటర్ ట్యాంకు నీడ ఆల్రెడీ ఉంది. ఎండలో స్లాబ్ విలువ 190, ట్యాంకు నీడలో 85. మన నీడ కూడా 85 దగ్గరకే రావాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూసుకోండి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు: మన నీడని మల్టిప్లై చేస్తే, ట్యాంకు నీడ ఉన్నచోట రెండుసార్లు నల్లబడి 38కి పడిపోతుంది. ఎండ ఒక్కసారే పోతుంది కదండి, రెండోసారి పోవడానికి ఏముంది? కాబట్టి ఆ పాత నీడ ఉన్నచోట మాస్క్ పెట్టి మన నీడని తీసేయాలి.

అంచు కూడా చూడండి. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. `Blender` సన్ లైట్‌లో `Angle` 0.53 దగ్గర ఉంచండి. గోడ పాదం దగ్గర నీడ అంచు పదునుగా ఉంటుంది. నేల మీద 21 మీటర్ల అవతల పిట్టగోడ నీడ అంచు అర మీటరు వెడల్పున మసకబారుతుంది. రెండుచోట్లా ఒకే పదును ఉంటే కన్ను వెంటనే పసిగడుతుంది.

చివరిగా, ఈ బొమ్మ ఏం చెప్పదో కూడా పక్కింటాయనకి చెప్పాలి. ఇది ఒక్క రోజు, ఒక్క నిమిషం. అదే డిసెంబర్ 21న, మిట్టమధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో దక్షిణాన ఉంటాడు. అప్పుడు మన వైపున్న 3.9 మీటర్ల పట్టీ, బిల్డింగ్ పొడవునా నీడలో ఉంటుంది. సోలార్‌కి మూడున్నర కంటే ఈ సమయమే ముఖ్యం. జూన్ 21న విజయవాడలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, నీడ అటు పడనే పడదు. కాబట్టి ఆయనకి ఒక బొమ్మ కాదు, మూడు ఇవ్వండి: డిసెంబర్ మధ్యాహ్నం, డిసెంబర్ మూడున్నర, జూన్ మధ్యాహ్నం. కెమెరా, బిల్డింగ్ అవే. కాకపోతే ఫోటోలో ఉన్న ఎండ మూడున్నరదే కదా, మిగతా రెండు సమయాలకి ఫోటో మీద అతికించకుండా సాదా త్రీడీ బొమ్మగానే ఇవ్వండి. వాటి మీద తేదీ, సమయం రాయండి. ప్యానెల్స్ ఉత్తరపు పిట్టగోడ వైపు జరిపితే సరిపోతుందని ఆయనకే అర్థమవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో బిల్డింగ్ ముందు అడ్డొచ్చే కరెంటు తీగలు, చెట్టు కొమ్మలు ఎలా మాస్క్ చేయాలో చూద్దాం.